నాలుగు లైట్లు చూపిస్తూనే ఆగిపోయే పవర్ బ్యాంక్

(ఎలక్ట్రానిక్స్ రిపేరు నేర్చుకుంటున్నవారి కోసం హైదరాబాద్‌లో చేసిన ప్రసంగం, రాత ప్రతి)

అందరికీ నమస్కారమండీ. వెనకున్నవాళ్లకు వినపడుతోందా? సరే.

ఈ బల్ల మీదున్నది 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్. లోపల 5000 చొప్పున రెండు పౌచ్ సెల్స్, పక్కపక్కనే ప్యారలల్‌గా ఉంటాయి. డబ్బా మీద 22.5 వాట్లు అని రాసుంది. దీంతో వచ్చిన కంప్లైంట్ మీకు కొత్తేమీ కాదు. రాత్రంతా చార్జింగ్ పెడితే పొద్దున నాలుగు లైట్లూ వెలుగుతాయి. ఫోన్ పెట్టగానే ఫాస్ట్ చార్జింగ్ మొదలవుతుంది. అరగంట కూడా కాకముందే టక్కున ఆగిపోతుంది. బటన్ నొక్కితే మళ్లీ రెండు మూడు లైట్లు వెలుగుతాయి. ఫోన్ పెడితే అర నిమిషంలో మళ్లీ ఆగిపోతుంది. "సార్, చార్జ్ ఉంది కానీ ఇవ్వట్లేదు" అంటాడు కస్టమర్. ఆయనన్నది అక్షరాలా నిజం. చార్జ్ ఉంది, ఇవ్వట్లేదు. ఎందుకు ఇవ్వట్లేదన్నదే ఇవాళ్టి సంగతి.

విప్పే ముందు ఒకటి పక్కకు తీసేద్దాం. ఇయర్‌బడ్స్, స్మార్ట్ వాచీ, చిన్న ఎల్‌ఈడీ దీపం లాంటివి పెడితే అర నిమిషంలో ఆగిపోతోందంటే అది జబ్బు కాదు. లోడ్ 50 మిల్లీఆంపియర్ల దరిదాపుల కంటే తగ్గితే ఎవరూ వాడట్లేదనుకుని చాలా పవర్ బ్యాంకుల చిప్ తనంతట తనే పడుకుంటుంది. దాన్ని అలాగే తయారుచేశారు. మన కేసు దానికి పూర్తిగా ఉల్టా. చిన్న లోడ్‌కి చక్కగా పనిచేస్తుంది, పెద్ద లోడ్‌కే ఆగుతుంది. కేబుల్ మీద కూడా అనుమానం పెట్టుకోకండి. పాడైన కేబుల్‌తో ఫోన్ నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే. పవర్ బ్యాంక్ మొత్తంగా ఆరిపోయి, లైట్లు కూడా పోయాయంటే కారణం లోపలే ఉంది.

ఇప్పుడు సెల్ దగ్గరికి వద్దాం. సెల్ ముసలిదైతే రెండు వేర్వేరు నష్టాలు జరుగుతాయి. ఒకటి, పట్టే చార్జ్ తగ్గిపోతుంది. రెండోది, లోపలి నిరోధం, అంటే ఇంటర్నల్ రెసిస్టెన్స్ పెరుగుతుంది. రెండూ కలిసే వస్తాయి కానీ ఒకే వేగంతో రావు. కారణం మాత్రం చాలావరకు ఒకటే. నెగటివ్ ఎలక్ట్రోడ్ గ్రాఫైట్. దాని మీద ఎలక్ట్రోలైట్‌తో రియాక్ట్ అయి ఏర్పడే పలచటి పొర ఒకటి ఉంటుంది, సెల్ తయారైన మొదట్లోనే. ఆ పొర అవసరమే. కానీ అది ఏళ్ల తరబడి మందం అవుతూ పోతుంది. మందమయ్యేకొద్దీ కొంత లిథియాన్ని శాశ్వతంగా తినేస్తుంది, అది కెపాసిటీ నష్టం. అయాన్లు దాటాల్సిన దారి కష్టమవుతుంది, అది నిరోధం. మన బోరు నీళ్లకు పైపులో గార పట్టినట్టన్నమాట. ట్యాంకులో నీళ్లున్నా, సన్నగా తిప్పితే ధార వస్తుంది, పూర్తిగా తిప్పితే ఒత్తిడి ఉండదు.

ఈ పొరను త్వరగా పెంచేవి రెండు: వేడి, నిండు చార్జ్. రెండూ కలిస్తే మరీ ఘోరం. మే నెలలో బయట 41 డిగ్రీలున్నప్పుడు ఎండలో నిలబెట్టిన స్కూటీ డిక్కీలో ఎంత ఉంటుందో ఊహించుకోండి. అందులో నిండా చార్జ్ చేసిన పవర్ బ్యాంక్ పడేసి ఆఫీసుకెళ్లేవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో! వాడకపోయినా అది అక్కడే ముసలిదైపోతుంది. "సార్, నేను దీన్ని సరిగ్గా వాడనే లేదు" అనే కస్టమర్ అబద్ధం చెప్పట్లేదు.

ఇక అసలు కిటుకు. పవర్ బ్యాంక్ ఫోన్‌కి ఇచ్చేది స్థిరమైన పవర్. ఫోన్ 9 వోల్టులు, 2 ఆంపియర్లు, అంటే 18 వాట్లు అడిగింది. సెల్ దగ్గర ఉన్నది 3.7 వోల్టుల చుట్టుపక్కల. దాన్ని పెంచే బూస్ట్ సర్క్యూట్‌లో ఎంతో కొంత వేడిగా పోతుంది. సుమారు 88 శాతం బయటికొస్తుందనుకుంటే సెల్ వైపు నుంచి 20.5 వాట్లు లాగాలి. బూస్ట్ ఇన్‌పుట్‌లో 3.5 వోల్టులుంటే అది 5.9 ఆంపియర్లు. అదే 3 వోల్టులకు పడిపోతే 6.8 ఆంపియర్లు. గమనించారా? వోల్టేజ్ పడితే మామూలు రెసిస్టర్ లోడ్ కరెంటు తగ్గించుకుంటుంది. బూస్ట్ సర్క్యూట్ మాత్రం ఇంకా ఎక్కువ లాగుతుంది. ఎక్కువ లాగితే నిరోధం మీద డ్రాప్ ఇంకా పెరుగుతుంది. డ్రాప్ పెరిగితే ఇంకా లాగుతుంది. కాబట్టి ముసలి సెల్ మెల్లగా నీరసించదు, ఒక గీత దాకా బాగానే నడిచి అక్కడ ఒక్కసారిగా పడిపోతుంది. కస్టమర్‌కి అది "టక్కున ఆగిపోయింది"లా కనిపిస్తుంది.

ఆ ఆపేది ఎవరు? ఈ బోర్డు మీద ఇద్దరు కాపలాదారులున్నారు. వాళ్లను విడివిడిగా గుర్తుపట్టకపోతే రిపేరు గుడ్డిగా సాగుతుంది.

మొదటివాడు ప్రొటెక్షన్ సర్క్యూట్. సెల్ నెగటివ్ వైపు ఆరు కాళ్ల చిన్న చిప్ కనిపిస్తుంది, ఎక్కువగా డీడబ్ల్యూ01 రకం. దాని పక్కన ఎనిమిది కాళ్ల చిప్పులు, 8205 అని రాసుంటుంది. ఒక్కో దాంట్లో స్విచ్చుల్లా పనిచేసే రెండు మాస్‌ఫెట్లు. ఈ బోర్డు మీద అలాంటివి మూడు ప్యారలల్‌గా ఉన్నాయి. సెల్ నుంచి కరెంటు బయటికి వెళ్లేటప్పుడు డీడబ్ల్యూ01 రెండు విషయాలు చూస్తుంది. సెల్ వోల్టేజ్ సుమారు 2.4కి పడితే తెంపేస్తుంది. మాస్‌ఫెట్ల మీద డ్రాప్ సుమారు 150 మిల్లీవోల్టులు దాటితే ఓవర్ కరెంట్ అనుకుని తెంపేస్తుంది. దీనికి వేరే కరెంట్ సెన్సర్ లేదు, మాస్‌ఫెట్ నిరోధాన్నే సెన్సర్‌గా వాడుకుంటుంది. రెండిటికీ పట్టే సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది కాబట్టి మీ మల్టీమీటర్ ఆ పడిపోవడాన్ని చూపించలేకపోవచ్చు.

రెండోవాడు బూస్ట్ చిప్. వాడికి సొంత కింది హద్దు ఉంటుంది, ఈ బోర్డులో 3 వోల్టుల దగ్గర. సాధారణంగా ముందు ఆపాల్సింది వీడే. 2.4 అనేది ఆఖరి గోడ.

ఎవరు ఆపారో తెలుసుకునే సులువైన మార్గం ఒకటుంది. ఆగిపోయిన వెంటనే ఫోన్ తీసేసి బటన్ నొక్కండి. లైట్లు వెలిగితే ఎక్కువసార్లు ఆపింది బూస్ట్ చిప్పే. బటన్‌కి ఏ చలనమూ లేక, చార్జర్ పెట్టగానే ప్రాణం వస్తే ప్రొటెక్షన్ చిప్ తక్కువ వోల్టేజ్ మీద తెంపింది. అది ఒకసారి తెంపాక చాలా బోర్డుల్లో చార్జర్ తగిలితేనే మళ్లీ కలుపుతుంది. ఓవర్ కరెంట్ మీద తెంపితే మాత్రం లోడ్ తీయగానే దానంతటదే కలిసిపోవచ్చు, అప్పుడు ఈ పరీక్షతో తేలదు. అందుకే కొలతలు కావాలి.

విప్పుదాం. మొదట పవర్ బ్యాంక్‌ను చిన్న లోడ్ మీద పెట్టి ఒక లైటు మిగిలేదాకా దించేయండి. తక్కువ చార్జ్‌తో ఉన్న సెల్‌కి పొరపాటున ఏదైనా తగిలినా జరిగే నష్టం తక్కువ. పౌచ్ సెల్ ఉన్న డబ్బాలో చాకు, స్క్రూడ్రైవర్ దూర్చొద్దు, ప్లాస్టిక్ పట్టీతోనే విప్పండి. ఉబ్బి ఉంటే పని అక్కడితో ఆపేయండి, కొలతలు అక్కర్లేదు. బాగానే ఉంటే సెల్ కాళ్లు, బోర్డు ప్యాడ్లు బయటికి కనపడేలా పెట్టుకుని మళ్లీ చార్జ్ చేయండి.

లోడ్‌కి ఖరీదైన పరికరం అక్కర్లేదు. 4.7 ఓమ్‌ల 10 వాట్ల సిరామిక్ రెసిస్టర్లు రెండు, కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. పాత యూఎస్‌బీ కేబుల్ కోసి ఎరుపు, నలుపు తీగలకు కలపండి. 5 వోల్టుల మీద ఒకటి పెడితే ఒక ఆంపియర్ కొద్దిగా దాటుతుంది, 5.3 వాట్లు. రెండూ ప్యారలల్‌గా పెడితే 10.6 వాట్లు. ఇవి చేయి కాలేంత వేడెక్కుతాయి, నేల టైల్ ముక్క మీద పెట్టండి, సెల్‌కి దూరంగా.

ఈ పీస్ మీద తీసిన కొలతలు నల్లబల్ల మీద రాస్తున్నాను. లోడ్ లేనప్పుడు సెల్ 3.92 వోల్టులు. ఒక రెసిస్టర్ పెడితే బూస్ట్ చిప్ ఇన్‌పుట్ దగ్గర 3.73. రెండు పెడితే 3.51. లోడ్ తీస్తే మళ్లీ 3.9కి లేచింది.

రెండు రెసిస్టర్ల లెక్క చూద్దాం. బయట 10.6 వాట్లంటే లోపల సుమారు 12 వాట్లు. దాన్ని 3.51తో భాగిస్తే 3.4 ఆంపియర్లు. వోల్టేజ్ పడింది 0.41. దాన్ని 3.4తో భాగిస్తే 0.12 ఓమ్. ఒక రెసిస్టర్ లెక్క కూడా వేయండి: 6 వాట్లు, 1.6 ఆంపియర్లు, డ్రాప్ 0.19, మళ్లీ 0.12 ఓమ్. రెండూ కలిశాయి కాబట్టి కొలత నమ్మొచ్చు.

(ప్రశ్న: ఆ 0.12 మొత్తం సెల్‌దేనా అండీ?)

మంచి ప్రశ్నండీ. చాలామంది ఇక్కడే సెల్‌ని నిందించి కొత్తది వేస్తారు, చూస్తే తప్పు వదులైన సోల్డర్‌ది. అదే 3.4 ఆంపియర్ల లోడ్ మీద మీటర్ ప్రోబులు సరిగ్గా సెల్ కాళ్ల మీదే పెట్టి చూడండి. ఇక్కడ 3.57 వచ్చింది. అంటే సెల్ లోపల పడింది 0.35, నిరోధం 0.10 ఓమ్. తర్వాత ఒక ప్రోబు సెల్ నెగటివ్ ప్యాడ్ మీద, రెండోది మాస్‌ఫెట్ల అవతల పెట్టండి. 0.06 వోల్టులు, అంటే 17, 18 మిల్లీఓమ్‌లు. ఒక 8205లో రెండు మాస్‌ఫెట్లు సిరీస్‌లో కలిపి 50 మిల్లీఓమ్‌ల చుట్టూ ఉంటాయి, మూడు ప్యారలల్ అయితే 17. ఉండాల్సినంతే ఉంది, ప్రొటెక్షన్ బోర్డుకి జబ్బేమీ లేదు. అక్కడ 0.06 బదులు 0.15 కనిపించి ఉంటే సెల్ ముట్టుకోకుండా మాస్‌ఫెట్లనీ, వాటి సోల్డర్‌నీ చూసేవాళ్లం. ఇలాంటి రెండు పౌచ్ సెల్స్ కొత్తగా ఉన్నప్పుడు కలిపి 20, 30 మిల్లీఓమ్‌లు ఉండాలి. ఇక్కడ 100 ఉంది. ముద్దాయి సెల్లే.

ఇప్పుడు ఈ 0.12 ఓమ్‌ని 18 వాట్ల దగ్గర పెట్టి చూద్దాం. లోడ్ లేని సెల్ వోల్టేజ్ 3.83 ఉన్నప్పుడు 6.8 ఆంపియర్లు లాగితే డ్రాప్ 0.82. మిగిలేది 3.01. బూస్ట్ చిప్ హద్దు 3. అక్కడే ఆగిపోతుంది. 3.83 వోల్టులంటే సెల్‌లో ఇంకా సగం పైన చార్జ్ ఉన్నట్టు. అందుకే లోడ్ పోగానే వోల్టేజ్ లేచి, బటన్ నొక్కితే రెండు మూడు లైట్లు వెలుగుతున్నాయి. ఈ లైట్లు చూసేది వోల్టేజ్‌నే, లోపల ఎంత మిగిలిందో లెక్కపెట్టట్లేదు.

ప్రొటెక్షన్ సంగతేమిటి? సెల్ వోల్టేజ్ 2.4కి ఎక్కడా దగ్గరలో లేదు. మాస్‌ఫెట్ల మీద డ్రాప్ 6.8ని 17.5 మిల్లీఓమ్‌లతో గుణిస్తే 0.12 వోల్టులు, హద్దు 0.15. కాబట్టి ఈ గదిలో ఆపింది బూస్ట్ చిప్పే. కానీ చూడండి, అంతరం ఎంత తక్కువుందో. మాస్‌ఫెట్ వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. ఎండాకాలం డబ్బా లోపల బాగా కాగినప్పుడు అదే 6.8 ఆంపియర్లకు 0.15 దాటినా దాటొచ్చు. చలికాలంలో ఒకడు, ఎండాకాలంలో ఇంకొకడు ఆపుతాడు, మూలకారణం మాత్రం అదే ముసలి సెల్. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తాను. ప్రొటెక్షన్ తరచూ తెంపుతోందని మాస్‌ఫెట్ల మీదుగా తీగ వేసి బైపాస్ చేసేవాళ్లున్నారు. దయచేసి చేయకండి. అప్పుడు షార్ట్ అయినా, సెల్ 2 వోల్టుల కిందకు దిగిపోయినా ఆపేవాడు లేడు. ఇంకా బాగా కిందకు దిగిన సెల్‌లో నెగటివ్ వైపు రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జ్ చేస్తే ఆ రాగి లోపల పేరుకుని సెల్‌ని లోపలి నుంచే షార్ట్ చేయగలదు. చచ్చిన సెల్‌ని బయట చార్జర్‌తో "లేపే" పని కూడా అందుకే వద్దంటాను.

కెపాసిటీ కూడా కొలిచాం. మధ్యలో పెట్టే యూఎస్‌బీ టెస్టర్ ఒకటి ఉంటే చాలు. ఎంఏహెచ్ కాదు, వాట్-అవర్ అంకె చూడండి. 10000 ఎంఏహెచ్‌ని 3.7తో గుణిస్తే సెల్ దగ్గర 37 వాట్-అవర్లు. బూస్ట్ నష్టం పోను బయటికి 31 దాకా రావాలి. 5 వోల్టుల దగ్గర అది 6200 ఎంఏహెచ్. కాబట్టి "పదివేలని రాసి ఆరువేలే ఇస్తోంది" అనేది మోసం కాదు, డబ్బా మీద రేటెడ్ కెపాసిటీ అని చిన్న అక్షరాల్లో రాసేది ఇదే. మన పీస్ ఒక రెసిస్టర్ మీద నాలుగుంపావు గంటలు నడిచి 22.5 వాట్-అవర్లు ఇచ్చింది. కొత్తదాంట్లో 73 శాతం. అదే ఖాళీ ఫోన్ మీద 18 వాట్లతో పెడితే 8.5 దగ్గర ఆగింది. ఈ రెండు అంకెల మధ్య తేడాయే రోగ నిర్ధారణ. రెండూ సమానంగా తక్కువుంటే కెపాసిటీ పోయిందని. మొదటిది ఫరవాలేదనిపించి రెండోది కుప్పకూలితే నిరోధం పెరిగిందని.

(ప్రశ్న: నా పవర్ బ్యాంక్ వాడకుండా బీరువాలో పెట్టినా దిగిపోతోందండీ. అదీ ఇదేనా?)

కాదండీ, అది వేరే జబ్బు. నిండా చార్జ్ చేసి, రెండు గంటలు ఆగి సెల్ వోల్టేజ్ రాసుకోండి. వారం తర్వాత మళ్లీ చూడండి. 0.1 వోల్టో అంతకు మించో పడితే ఏదో తాగేస్తోంది. రెండు సెల్స్ కలిసి బోర్డుకి వెళ్లే చోట ఒక కాలు విప్పి మధ్యలో మల్టీమీటర్‌ని మిల్లీఆంపియర్ల మీద పెట్టండి. బోర్డు పడుకున్నాక మంచి బోర్డు 0.1 మిల్లీఆంపియర్ కూడా తీసుకోదు. 5 మిల్లీఆంపియర్లు కనిపించిందనుకోండి, పదివేలని ఐదుతో భాగిస్తే 2000 గంటలు, మూడు నెలల్లోపే ఖాళీ. తప్పు బోర్డుది. బోర్డు శుభ్రంగా ఉంటే రెండు సెల్స్‌నీ విడదీసి వారం పెట్టండి. ఒకటి నిలబడి ఒకటి దిగితే ఆ దిగేది లోపల లీకవుతోంది, కలిపి ఉన్నన్నాళ్లూ రెండోదాన్నీ తాగేసింది. అలాంటి సెల్‌ని దేనికీ వాడొద్దు.

మళ్లీ మన పీస్‌కి వద్దాం. దారులు రెండు. సెల్ ఉబ్బలేదు, వేడెక్కట్లేదు, 73 శాతం ఉంది. ఫోన్ సెట్టింగుల్లో ఫాస్ట్ చార్జింగ్ ఆపేస్తే ఇది 5 వోల్టుల మీద 22 వాట్-అవర్లు ఇస్తూ ఇంకొన్నాళ్లు నడుస్తుంది. కస్టమర్‌కి నేనైతే ముందు ఇదే చెప్తాను, రూపాయి ఖర్చు లేదు. ఉబ్బడం మొదలైన రోజున ఆపేయమని కూడా చెప్పాలి.

రెండోది సెల్స్ మార్చడం. రెండూ ఒకేసారి, ఒకే రకం కొత్తవి వేయాలి. ఒక ముసలిది, ఒక కొత్తది కలిపితే కరెంటులో ఎక్కువ భాగం కొత్తదాని మీదే పడుతుంది. ప్యారలల్ చేసే ముందు రెండిటి వోల్టేజ్ తేడా 0.05 లోపుండాలి. లేకపోతే కలపగానే ఒకదాన్నుంచి ఇంకోదానికి పెద్ద కరెంటు పారుతుంది. పౌచ్ సెల్ పాజిటివ్ కాలు అల్యూమినియం అయితే సోల్డర్ అంటదు, నికెల్ పట్టీ అతికించి వచ్చినవే తీసుకోండి. మీ పవర్ బ్యాంక్‌లో గుండ్రటి 18650 సెల్స్ ఉంటే నేరుగా సోల్డర్ పెట్టకుండా నికెల్ పట్టీతో స్పాట్ వెల్డింగ్ చేయించండి. 9900 ఎంఏహెచ్ అని రాసిన 18650 బజార్లో కనిపిస్తుంది, దాన్ని అక్కడే వదిలేసి రండి. ఆ సైజులో మామూలుగా దొరికే మంచి సెల్ 3500 దగ్గర ఆగుతుంది, బరువు 45 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. తూకంలో బాగా తేలిపోతే లోపల ఏముందో ఎవరికి తెలుసు! సెల్ మీద బ్యాటరీ భద్రతా ప్రమాణం ఐఎస్ 16046 గుర్తు కూడా చూడండి.

తీసేసిన సెల్స్ కాళ్లకు విడివిడిగా టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. చెత్త బండిలో వేస్తే, కుదించేటప్పుడు అంటుకోవచ్చు.

కొత్త సెల్స్ వేశాక అదే పరీక్ష మళ్లీ చేయండి. సెల్ 3.92 దగ్గరున్నప్పుడు రెండు రెసిస్టర్లు పెట్టండి. బూస్ట్ ఇన్‌పుట్ దగ్గర 3.75 పైన నిలబడాలి. 3.6లోనే ఊగుతుంటే డబ్బా మూయకండి. ప్రోబులు సెల్ కాళ్ల మీదికి మార్చండి. అక్కడ 3.8 ఉండి బోర్డు మీద 3.6 ఉంటే పోతున్నది మీరు పెట్టిన జాయింట్‌లోనే, దాన్ని మళ్లీ వేడిచేసి పెట్టండి. సెల్ కాళ్ల దగ్గరే 3.65 ఉంటే ఆ సెల్స్ కొత్తవి కావు, అమ్మినవాడి దగ్గరికి తీసుకెళ్లండి.